ఉంగరంలో వజ్రం రంగు: ఎఫ్‌కూ జె‌కూ ఉన్న తేడా కంటికి ఎంత అందుతుంది?

అర క్యారెట్ గుండ్రటి రాయిని బోర్లించి తెల్ల కాగితం మీద పెట్టి పక్క నుంచి చూస్తే ఒక రంగు కనిపిస్తుంది. అదే రాయిని ఉంగరంలో కూర్చి వేలికి తొడిగి పైనుంచి చూస్తే ఇంకో రంగు కనిపిస్తుంది. సర్టిఫికెట్ మీద ఉండే ఎఫ్, జె లాంటి రంగు అక్షరం బోర్లించి చూసిన రంగుకు ఇచ్చింది. పెట్టుకున్న మనిషి రోజూ చూసేది పైనుంచి కనిపించే రంగును. వజ్రాలకు పెట్టే డబ్బులో పెద్ద వాటా ఈ రెంటి మధ్యనే పోతుంది. అందుకే హన్మకొండలో నిశ్చితార్థం ఉంగరానికి రాయి కావాలని వచ్చినవాళ్లకు మేం రెండు రంగులనూ వేర్వేరుగా, ఒక వరుసలో చూపిస్తాం. కాజీపేట నుంచి వచ్చిన ఒక కుటుంబానికి చూపించిన తీరును ఇక్కడ పూసగుచ్చినట్టు రాస్తున్నాను.

వాళ్లకు కావలసింది 18 క్యారెట్ల పసుపు బంగారంలో 50 సెంట్ల ఒంటిరాయి ఉంగరం. రాయి బరువులో 100 సెంట్లు ఒక క్యారెట్, అంటే 0.2 గ్రాములు. 50 సెంట్ల గుండ్రటి రాయి అడ్డం సుమారు 5.1 మిల్లీమీటర్లు వస్తుంది. వాళ్ల ముందు నాలుగు రాళ్లు పెట్టాం: ఎఫ్, హెచ్, జె, కె. నాలుగూ ఒకే సైజు, కటింగ్ నాలుగింటికీ ఎక్సలెంట్, స్వచ్ఛత వీఎస్ 2, నాలుగింటికీ ఫ్లోరోసెన్స్ లేదు. రంగు ఒక్కటే మారాలి, మిగతావన్నీ సమానంగా ఉండాలి. కటింగ్ సరిగా లేని ఎఫ్‌నూ మంచి కటింగ్ ఉన్న జె‌నూ పక్కపక్కన పెడితే చూసేవాళ్ల కన్ను మెరుపుకే లొంగుతుంది, రంగు తేడా తేలదు.

ఈ అక్షరాల సంగతి కొంచెం. డి నుంచి జెడ్ దాకా ఉన్న ఈ కొలమానాన్ని అమెరికాలోని రత్నశాస్త్ర సంస్థ జీఐఏ 1950ల మొదట్లో తెచ్చింది. అంతకు ముందు వ్యాపారులు ఎ, డబుల్ ఎ అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకునేవాళ్లు కాబట్టి, ఆ గందరగోళం అంటకుండా డి నుంచి మొదలుపెట్టారు. డి, ఇ, ఎఫ్ రంగులేనివి. జి, హెచ్, ఐ, జె దాదాపు రంగులేనివి. కె, ఎల్, ఎం లేత ఛాయ ఉన్నవి. ఆ తర్వాత పసుపు పెరుగుతూ జెడ్ దాకా పోతుంది, జెడ్ దాటితే అది ఫ్యాన్సీ రంగు, దాని లెక్క వేరు. పసుపుకు కారణం నైట్రోజన్. స్ఫటికంలో ఒక ఖాళీ చుట్టూ మూడు నైట్రోజన్ పరమాణువులు చేరిన చోట్లు ఊదా వైపు కాంతిని కొద్దిగా మింగేస్తాయి, మిగిలిన కాంతి మనకు పసుపుగా అందుతుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన గోల్కొండ రాళ్లలో కొన్నింటికి నీళ్లలాంటి తెలుపని పేరు రావడానికి కారణం వాటిలో నైట్రోజన్ దాదాపు లేకపోవడమే.

ముందుగా రాళ్లను తుడవాలి. వేలు తగిలిన రాయి మీద నూనె పొర ఉంటుంది, అది ఉంటే ఎఫ్ కూడా మసకగా కనిపిస్తుంది. స్పిరిట్‌లో ముంచి నూలు రాలని గుడ్డతో తుడిచి, ఆ తర్వాత పట్టకారుతోనే పట్టాలి. రాళ్లు వచ్చే కాగితం పొట్లం లోపలి పొర చాలాసార్లు లేత నీలం రంగులో ఉంటుంది. పసుపు మీద నీలం పడితే రాయి తెల్లగా అనిపిస్తుంది. పొట్లంలో ఉండగానే రాయి రంగు గురించి మాట ఇవ్వకూడదు, తీసుకోకూడదు.

రాళ్లను చూసే చోటు కూడా ముఖ్యమే. దుకాణం పైకప్పులో ఉండే చిన్న స్పాట్ లైట్లు రంగు చూడటానికి పనికిరావు. అవి మెరుపు రేపడానికి పెట్టినవి, పైగా చాలావాటి కాంతిలో నీలం పాలు ఎక్కువ. ఉత్తరం వైపు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడకుండా, పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు లోపు చూడటం మంచిది. కిటికీ లేకపోతే పగటి వెలుగుకు సమానమైన 6500 కెల్విన్ ట్యూబ్ కింద, దీపానికీ రాయికీ మధ్య జానెడు దూరం ఉంచి చూడాలి. ల్యాబుల్లో చేసేది దాదాపు ఇదే. ఎదురుగా కూర్చున్నవాళ్లు పసుపు చీరో కాషాయం చొక్కానో వేసుకుంటే ఆ రంగు కూడా రాయిలోకి వస్తుంది. ఆ రోజు పిల్లవాడి తల్లి మామిడిపండు రంగు చీర కట్టుకుని వచ్చింది. చూసినంతసేపూ ఒక తెల్ల తువ్వాలు కొంగు మీద కప్పుకోమని అడిగాం, ఆమె ఏమీ అనుకోలేదు.

తర్వాత మెరుపు లేని తెల్ల కాగితాన్ని మధ్యలో మడిచి వి ఆకారంలో నిలబెట్టి, ఆ మడతలో నాలుగు రాళ్లనూ బోర్లించాం. బల్లగా ఉండే పై ముఖం కాగితానికి ఆనుతుంది, కొస పైకి ఉంటుంది. పక్క నుంచి, రాయి అడుగు భాగపు పలకలను ఎదురుగా చూడాలి. పై ముఖం నుంచి తిరిగొచ్చే మెరుపు అప్పుడు కంటికి తగలదు, రాయి ఒళ్లు కనిపిస్తుంది. మొదట ఎఫ్‌నూ కె‌నూ మాత్రమే పక్కపక్కన పెట్టాం. అందరికీ వెంటనే తెలిసింది. నిమ్మరసం రెండు చుక్కలు కలిపిన నీళ్లలా కె‌లో ఒక పలుచని ఛాయ కనిపిస్తుంది. ఆ తర్వాత ఎఫ్, జె పెట్టాం, అదీ తెలిసింది. హెచ్, జె పెట్టినప్పుడు పెళ్లికూతురు చెప్పగలిగింది, ఆమె తండ్రి చెప్పలేకపోయాడు. ఎఫ్, హెచ్ దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

ఇక్కడ రెండు పనులు చేస్తే తేడా ఇంకా స్పష్టంగా తేలుతుంది. ఒకటి, రాళ్ల మీద నోటితో ఆవిరి ఊదడం. మంచు పట్టినట్టు అయ్యి, మిగిలిన కాస్త మెరుపు కూడా ఒకటి రెండు క్షణాలు ఆగుతుంది, ఆ లోపల రంగు బయటపడుతుంది. రెండు, కుడి ఎడమలు మార్చడం. రెండు ఒకేలాంటి రాళ్లు పెట్టినా చాలామందికి ఒక వైపున్నది ముదురుగా అనిపిస్తుంది. రాళ్లను అటుఇటు మార్చినా అదే వైపున్నది ముదురుగా ఉందనిపిస్తే అది కన్ను చేసే పని, రాళ్ల మధ్య తేడా లేనట్టే. మార్చిన ప్రతిసారీ అదే రాయి ముదురుగా కనిపిస్తేనే తేడా ఉందని నమ్మాలి. కొనేవాళ్లకు దీన్ని ముందే చెప్పకపోతే, "ఎడమ పక్కది పచ్చగ కొడుతుంది" అని నిర్ణయానికి వచ్చి మంచి రాయిని పక్కన పెట్టేస్తారు.

ఒక అక్షరం ఒక బిందువు కాదు, ఒక మేర. జీఐఏ పద్ధతిలో పోల్చడానికి పెట్టుకునే మాస్టర్ రాయి ఆ గ్రేడ్‌లో అన్నిటికన్నా తెల్లటి అంచున ఉంటుంది. కాబట్టి హెచ్ అని రాసిన రాయి జి‌ని ఆనుకునే ఉండవచ్చు, ఐ‌ని ఆనుకునే ఉండవచ్చు. రెండు హెచ్ రాళ్ల మధ్య తేడా కనిపించి, ఒక హెచ్‌కూ ఒక ఐ‌కూ మధ్య కనిపించకపోవడం మేం తరచూ చూసేదే. కాగితం మీది అక్షరానికే డబ్బు లెక్కేసి ఇచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని తీరాలి. ఒకే అక్షరం ఉన్న రెండు మూడు రాళ్లు తెప్పించి చూసుకునే వీలుంటే, అందులో తెల్లటిది అదే ధరకు దొరికిపోతుంది.

ఇప్పుడు రాళ్లను నిలబెట్టాం. పై ముఖం మన వైపు, రాయి స్ప్రింగు హోల్డరు నాలుగు కాళ్ల మధ్య. ఇందాక కాగితం మీద గుర్తుపట్టిన తేడా చాలావరకు ఇక్కడ మాయమైంది. గుండ్రటి బ్రిలియంట్ కటింగ్‌లో 57 పలకలు ఉంటాయి, అడుగు కొసను చదును చేస్తే 58. లోపలికి పోయిన కాంతి అడుగు పలకలకు తగిలి తెల్లటి, నల్లటి ముక్కలుగా విరిగి పైకి వస్తుంది. పై పలకల మీద నుంచి వచ్చే తెల్లటి తళుకు దానికి కలుస్తుంది. లేత పసుపు చూడటానికి కంటికి ఒక చోట నిలకడగా రంగు దొరకాలి, ఇక్కడ అది దొరకదు. రాళ్ల చీటీలను తిరగేసి, వరుస కలిపేసి చూపించినప్పుడు ఎఫ్, హెచ్, జె మూడింటినీ సరైన వరుసలో పెట్టడం వాళ్లలో ఎవరికీ సాధ్యం కాలేదు. కె‌ని మాత్రం పెళ్లికూతురు పట్టింది.

"గిది తెల్లగనే ఉన్నది గదా అన్నా, మరి గంత ధర తేడా ఎందుకు?" అని ఆమె తండ్రి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ధర బోర్లించి చూసిన రంగుకు పడుతుంది, అరుదుతనానికి పడుతుంది. ఉంగరంలో అది ఎంత కనిపిస్తుందనే దానితో ధరకు సంబంధం లేదు.

తర్వాతిది లోహం. ఖాళీ ఉంగరాలు రెండు తెచ్చాం, ఒకటి వైట్ గోల్డ్, ఒకటి పసుపు బంగారం. రెండూ 18 క్యారెట్లవే. 22 క్యారెట్ల బంగారం మెత్తన, రాయిని పట్టి ఉంచే సన్నటి ప్రాంగులు వంగిపోయి రాయి ఊడే ప్రమాదం ఉంటుంది, అందుకే వజ్రాలకు 18 గానీ 14 గానీ వాడతారు. రాయిని ప్రాంగుల మధ్య ఒక చిటికెడు తెల్ల మైనంతో నిలిపితే, బిగించకుండానే ఉంగరంలో ఎలా ఉంటుందో చూడవచ్చు.

వైట్ గోల్డ్‌లో పెట్టినప్పుడు కె తన రంగు చూపించింది. చుట్టూ ఉన్న తెలుపు పక్కన అది వేడి ఛాయగా తేలింది. జె కూడా పక్కన ఎఫ్ పెడితే కాస్త తేలింది, ఒక్కదాన్నే చూస్తే తేలలేదు. పసుపు బంగారంలో పెట్టగానే లెక్క మారిపోయింది. ప్రాంగుల నుంచీ రాయి కింది గిన్నె నుంచీ పసుపు లోపలికి పోయి పలకల్లో పడుతుంది. ఎఫ్‌లో కూడా అంచుల దగ్గర పసుపు వచ్చింది. డబ్బు పెట్టి కొన్న తెలుపును ఆ బంగారమే కప్పేస్తుంది. కె ఆ బంగారంలో, తన పక్కన మెరిసే అంత పసుపు ఉండటం వల్ల, తెల్లగానే కనిపించింది. నా మట్టుకు నేను పసుపు బంగారపు ఒంటిరాయికి డి, ఇ, ఎఫ్ కొనమని ఎవరికీ చెప్పను.

మధ్యే మార్గం ఒకటుంది. ఉంగరం కట్టు పసుపు బంగారంతో, రాయిని పట్టుకునే తల మాత్రం వైట్ గోల్డ్‌తో చేయించుకోవడం. మన దగ్గర అవుసలివాళ్లు దీన్ని బాగానే చేస్తారు. అయితే వైట్ గోల్డ్ తెల్లదనం పై రోడియం పూతది. రోజూ పెట్టుకునే ఉంగరంలో ఆ పూత కొంతకాలానికి అరిగి కింది లేత పసుపు బయటపడుతుంది, అప్పుడు మళ్లీ పూత వేయించుకోవాలి. ప్రాంగుల పూత అరిగిపోయిన సంగతి తెలియక, రాయే పసుపుబారిందని ఉంగరం పట్టుకుని వచ్చేవాళ్లున్నారు. వజ్రం వాడకంతో రంగు మారదు.

మూసిన సెట్టింగ్ గురించి విడిగా చెప్పాలి. మన పెద్దవాళ్ల రవ్వల దుద్దులు, బేసరులు చాలావరకు వెనక బంగారంతో మూసే ఉంటాయి. వాటిలో రాయి రంగును బయట నుంచి అంచనా కట్టడం ఎవరివల్లా కాదు. వెనకున్న బంగారం పసుపే ముందుకు వస్తుంది. ఆ నగలోని రాయి ఎఫ్ అనో జి అనో ఎవరైనా గట్టిగా చెబితే, రాయి ఊడదీసి చూపించమని అడగాలి. వెనక తెరిచి ఉన్న సెట్టింగ్‌లో కూడా బిగించిన రాయికి ఒక్క అక్షరం ఖచ్చితంగా చెప్పడం కుదరదు. అందుకే తయారైన నగకు ఇచ్చే కార్డుల మీద జి-హెచ్ అనో, ఐ-జె అనో రెండక్షరాల మేర ఉంటుంది. అది తప్పించుకోవడం కాదు, నిజాయితీ. ఒక్క అక్షరమే కావాలంటే రాయిని విడిగా, దాని సర్టిఫికెట్‌తో కొని, ఆ తర్వాత కూర్పించుకోవాలి.

మెట్లలో చివరిది వెలుతురు మార్చి, దూరం మార్చి చూడటం. ఉంగరాన్ని ఎవరూ కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని చూడరు. తన వేలికి తను చూసుకుంటే మూరెడు పైనే ఉంటుంది, ఎదుటివాళ్లు చూస్తే బారెడు. మైనంతో నిలిపిన ఉంగరాన్ని వేలికి పెట్టి కిటికీ దగ్గర, దుకాణం లోపల, బయట నీడలో, ఇంట్లో వాడే పసుపు రంగు బల్బు కింద చూపించాం. పసుపు బల్బు కింద ఎఫ్, జె అన్న మాటకే అర్థం లేదు, అన్నీ వేడి రంగులోకి పోతాయి. బయట నీడలో మాత్రం కె మీద అనుమానం వచ్చేలా ఉంటుంది. పెళ్లికూతురికి పగటిపూట ఆఫీసు పని, రోజంతా తెల్లటి వెలుతురులోనే ఉంటుంది. అందుకని కె‌ని పక్కన పెట్టేశాం.

ఫ్లోరోసెన్స్ ఉన్న రాళ్ల దగ్గర ఈ మెట్టు ఇంకా ముఖ్యం. కొన్ని వజ్రాలు అతినీలలోహిత కాంతి తగిలితే నీలంగా వెలుగుతాయి. ఐ నుంచి కె దాకా ఉన్న రాళ్లలో బలమైన నీలం ఉంటే పగటి వెలుగులో పసుపును కొంత చంపుతుంది, రాయి ఒక మెట్టు తెల్లగా అనిపించవచ్చు. ఇంట్లో ఎల్‌ఈడీ కింద ఆ కాంతి దాదాపు ఉండదు కాబట్టి రాయి తన అసలు రంగుకు వస్తుంది. అది మోసం కాదు, పైగా అలాంటి రాయి ధర తక్కువే ఉంటుంది. కాకపోతే కొన్నింటిలో, ముఖ్యంగా చాలా బలమైన ఫ్లోరోసెన్స్ ఉన్నవాటిలో, పాలు కలిపినట్టు మసక ఉంటుంది. దాన్ని ఎండలోకి తీసుకెళ్లి చూడకుండా కొనకూడదు.

చివరికి వాళ్లు పసుపు బంగారంలో జె తీసుకోవాలని అనుకున్నారు. అప్పుడే పిల్లవాడి తల్లి, రాయి చుట్టూ చిన్న రాళ్ల వరుస ఉంటే బాగుంటుందని అన్నది. ఇక్కడే చాలా ఉంగరాలు చెడిపోతాయి. ఆ వరుసలో వాడే 1.3 మిల్లీమీటర్ల రాళ్లు సాధారణంగా ఇ-ఎఫ్ లేదా ఎఫ్-జి మూటల్లో వస్తాయి. అంత చిన్న రాయిలో విడిగా చూస్తే రంగు దాదాపు కనిపించదు. అవి మధ్య రాయిని చుట్టుముట్టగానే పోల్చి చూడటానికి కంటికి ఎదురుగానే ఒక తెల్లటి గీటు దొరుకుతుంది. ఒంటిగా తెల్లగా కనిపించిన జె వాటి మధ్య పసుపుగా కనిపిస్తుంది. ఉంగరం తయారయ్యాక రాయి మార్చారని గొడవలయ్యేది ఇలాంటి చోటే. రెండే దారులు: మధ్య రాయిని హెచ్‌కు పెంచడం, లేదా చుట్టూ ఐ-జె మూట నుంచి రాళ్లు వేయడం. మూట తీసుకునేటప్పుడు నో బీజీఎం అని అడగాలి. అంటే గోధుమ, ఆకుపచ్చ, పాల ఛాయలు లేనివని. లేకపోతే పసుపు రాయి చుట్టూ టీ రంగు రాళ్లు వస్తాయి, అది జె ఎఫ్‌ల తేడా కన్నా అధ్వానంగా ఉంటుంది.

వాళ్లు హెచ్ వైపు మొగ్గారు. రెండు మెట్లకు పెట్టిన అదనపు డబ్బు ఆ డిజైన్‌కు సార్థకమే. ఒంటిరాయి అయ్యుంటే అదే డబ్బును కటింగ్ మీదనో సైజు మీదనో పెట్టమని చెప్పేవాళ్లం.

ఇదంతా అర క్యారెట్ గుండ్రటి రాయి లెక్క. సైజు పెరిగితే కాంతి రాయిలో ఎక్కువ దూరం పోతుంది, రంగు ఎక్కువ కనిపిస్తుంది. క్యారెట్టున్నర రాయికి వైట్ గోల్డ్‌లో జె పెట్టేముందు రెండుసార్లు చూడాలి. ఓవల్, పియర్ ఆకారాల్లో రంగు కొసల దగ్గరికి చేరుతుంది, మధ్యలో తెల్లగా ఉండి కొసల్లో పసుపుగా తేలుతుంది. మెట్ల పలకలుండే ఎమరాల్డ్ కటింగ్‌లో పెద్ద పలకలు నీళ్ల తొట్టిలా తెరిచి ఉంటాయి, రంగు దాచుకోవడానికి చోటే ఉండదు. ఈ ఆకారాలకు గుండ్రటిదానికన్నా ఒకటి రెండు మెట్లు పైకి పోవడం మంచిది.

ఉంగరం చేతికొచ్చిన రోజు చేయాల్సింది ఒకటుంది. సర్టిఫికెట్ నంబరు రాయి నడుము మీద లేజర్‌తో చెక్కి ఉంటే, పది రెట్ల భూతద్దంతో అది సరిపోయిందో లేదో చూసుకోవాలి. బిగించేటప్పుడు ప్రాంగు దాని మీద పడకుండా సెట్టర్‌కు ముందే చెప్పాలి. ఇంకొకటి, నిశ్చితార్థంలో, పెళ్లిలో చేతులకు పసుపు, కుంకుమ, నూనె తగులుతాయి. వజ్రానికి పసుపు పట్టదు గానీ రాయి అడుగున, ప్రాంగుల సందుల్లో పొరలా పేరుకుంటుంది. అక్కడ చేరిన పొర హెచ్‌ని ఎల్‌లా చూపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, ఉంగరాన్ని పావుగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రాయి కింది వైపు నుంచి రుద్దాలి. పై ముఖం ఎంత తుడిచినా ఉపయోగం లేదు, రంగు కూర్చునేది అడుగునే.